దొంగ కుక్కర్ కాదు, సింకు

మొన్న మా పెద్నాయన మా అమ్మాయిని చూడడానికి నల్లమాడ వచ్చాడు. అమ్మాయి కాన్పుకు వచ్చి ఉంది, ఏడో నెల. రక్తం తక్కువుందని డాక్టరమ్మ చెప్పింది. పెద్నాయన పాప పక్కన కూర్చుని కుశలమడిగాడు, మజ్జిగ తాగాడు. వంటింట్లో కుక్కర్ విజిల్ వినపడగానే కళ్లజోడు సవరించుకుని ఫోను తీశాడు.

"పాపా, ఇంకా కుక్కర్‌లోనే వండుతున్నావా? దాంట్లో వండితే సత్తువంతా చచ్చిపోతాది. ఇదిగో సూడు, ఎవరో పెద్ద డాక్టరు చెప్పినాడంట. దాన్ని తీసి అటక మీద పారెయ్యి. కడుపుతో ఉండే బిడ్డకు మట్టికుండలో వండి పెట్టు."

నేను నోరు తెరిచేలోపే మా అత్తమ్మ అందుకుంది. "అదే నేనూ చెప్తానే ఉన్నా అన్నా, వింటేనా?" అంటూనే పొయ్యి మీద పాలకూర ఉడికిన గిన్నెకు మూత అడ్డం పెట్టి, ఆకుపచ్చ నీళ్లన్నీ సింకులోకి వంచేసింది. బిడ్డకు రక్తం పట్టాలని తెప్పించిన పాలకూర. అందులోని సత్తువలో మంచి భాగం పెద్నాయన కళ్లముందే తూము దారి పట్టింది. ఆయన మాత్రం కుక్కర్ వైపే గుడ్లురిమి చూస్తున్నాడు.

ఆ రోజు పెద్దాయన ముందు నోరు చేసుకోలేదు. ఇక్కడ చేసుకుంటాను. కూరగాయల్లో విటమిన్లను దోచేది కుక్కర్ కాదు. మనం పారబోసే నీళ్లు, అవసరానికి మించి ఉడికించే అలవాటు, పచ్చగా కనపడాలని వేసే సోడా, ఈ మూడే దొంగలు. ఈ మూడూ మట్టికుండలో వండినా ఉంటాయి, ఇత్తడి గిన్నెలో వండినా ఉంటాయి. పాత్ర మార్చితే పాపం పోదు.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. కూరగాయల్లోని విటమిన్లు రెండు జాతులు. ఒక జాతి నీళ్లలో కరుగుతుంది. సి విటమిన్, బి జాతి విటమిన్లు, అందులోనే కడుపుతో ఉన్నవాళ్లకు ముఖ్యమైన ఫోలేటు, ఇవన్నీ నీటి జాతి. రెండో జాతి నీళ్లను ముట్టదు, నూనెలోనే కరుగుతుంది. క్యారెట్టులో, మునగాకులో, తోటకూరలో ఉండి మన ఒంట్లో ఎ విటమిన్‌గా మారే కెరోటిన్ ఈ జాతిదే. కూరగాయను ఉడికిస్తే కణాల గోడలు మెత్తబడి విడిపోతాయి. అప్పుడు నీటి జాతి విటమిన్లు చుట్టూ ఉన్న నీళ్లలోకి దిగుతాయి. నీళ్లు ఎంత ఎక్కువ పోస్తే, ముక్కలు ఎంత చిన్నగా తరిగితే, అంత ఎక్కువగా దిగుతాయి. అవి ఇంకా చచ్చిపోలేదు, చోటు మారాయంతే. ఆ నీళ్లు మన కంచంలోకి వస్తే విటమిన్ కూడా వస్తుంది, సింకులోకి పోతే అదీ పోతుంది.

చచ్చిపోవడం వేరే సంగతి. వేడికి, గాలి తగలడానికి సి విటమిన్ నిజంగానే నాశనమవుతుంది. ఫోలేటు కూడా కొంత దెబ్బతింటుంది. కానీ వంటింట్లో ఎక్కువ నష్టం ఏ దారిన జరుగుతుందో చూడకుండా ఒక్క వేడి మీదే నింద వేయడం అన్యాయం.

"నువ్వు చెప్తే సరిపోతుందా?" అంటారని నాకు తెలుసు. మా అత్తమ్మ అదే అంది. అందుకని మరుసటి రోజు నేనూ, పదో తరగతి చదివే మా పిల్లోడూ కలిసి ఒక చిన్న పరీక్ష చేశాం. బడిలో సైన్సు పాఠంలో చేయించేదే. మీరూ చేయొచ్చు.

కావలసింది గంజి, గాయాలకు పూసే బెటాడిన్, క్యాబేజీ. అర గ్లాసు నీళ్లలో ఒక చెంచా గంజి కలిపి, ఒక్క చుక్క బెటాడిన్ వేస్తే నీళ్లు నీలంగా మారతాయి. బెటాడిన్‌లో ఉండే అయోడిన్ గంజిని తాకితే ఆ రంగు వస్తుంది. సి విటమిన్ ఆ అయోడిన్‌ను మింగేస్తుంది, అప్పుడు నీలం విరిగిపోతుంది. ముందు నిమ్మరసంతో చూశాం. చుక్కలు చుక్కలుగా వేస్తే ఇరవై చుక్కల లోపే నీలం పోయింది. ఇంకో గ్లాసులో ఉత్త మంచినీళ్లు చెంచాల కొద్దీ పోసినా నీలం అట్లే ఉంది. అంటే పరీక్ష పనిచేస్తోందన్న మాట.

తర్వాత ఒకే క్యాబేజీని రెండు భాగాలు చేశాం. ఒక భాగం వంద గ్రాములు సన్నగా తరిగి అర లీటరు నీళ్లలో పది నిముషాలు ఉడికించాం. అంతే తూకం రెండో భాగాన్ని ఇడ్లీ పాత్ర తట్టలో పెట్టి ఆరు నిముషాలు ఆవిరి మీద ఉంచాం. ఉడికించిన నీళ్లు చల్లారాక నీలం గ్లాసులో చెంచా చెంచాగా పోశాడు మా పిల్లోడు. మూడో చెంచాకు నీలం పోయింది. ఆవిరి పట్టిన తట్ట కింద మిగిలిన నీళ్లు అదే విధంగా పోశాం. ఏడు చెంచాలు పోసినా నీలం తేలికపడింది గానీ పోలేదు.

అర లీటరు నీళ్లంటే వంద చెంచాలు. మూడు చెంచాల్లోనే అంత పని చేసే సరుకు వంద చెంచాల్లో ఎంత ఉంటుందో లెక్కేసుకోండి. అదంతా నేను ఇన్నేళ్లూ సింకులో పోసిందే. ఈ పరీక్ష ప్రయోగశాల లెక్క కాదు, క్యాబేజీలో అయోడిన్‌ను మింగే పదార్థాలు సి విటమిన్ కాకుండా ఇంకొన్ని కూడా ఉంటాయి. ఆకుకూరల నీళ్ల రంగు వల్ల నీలం పోయిందీ లేనిదీ సరిగ్గా తెలియదు కూడా. అందుకే క్యాబేజీ తీసుకున్నాం. బెటాడిన్ కలిపిన గ్లాసులు ఎవరూ నోట్లో పెట్టుకోకుండా వెంటనే పారబోసి కడిగేయండి. కానీ నీళ్లలోకి దిగిందా లేదా అన్న ప్రశ్నకు ఈ పరీక్ష చాలు. మా అత్తమ్మ గ్లాసు వైపు చూసి, "అయ్యో, ఇంత పోగొట్టుకుంటిమా!" అంది. ఫోనులోని పెద్ద డాక్టరు చేయలేని పని ఒక చుక్క బెటాడిన్ చేసింది.

పరీక్ష అక్కర్లేదు, కంటితోనే చూస్తామంటారా? ఎర్ర తోటకూర గానీ బీట్‌రూట్ గానీ ఎక్కువ నీళ్లలో ఉడికించండి. నీళ్లు ఎర్రబడతాయి. ఆ ఎరుపు కూడా నీళ్లలో కరిగే జాతిదే. ఎరుపు దిగిన దారినే సి విటమిన్, ఫోలేటు కూడా దిగుతున్నాయని గుర్తు పెట్టుకోండి. ఆవిరి మీద ఉడికిస్తే ఆ రంగు చాలావరకు ముక్కలోనే ఉంటుంది.

ఇక ఫోలేటు సంగతి. 2002లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో వచ్చిన ఒక పరిశోధనలో పాలకూరను నీళ్లలో ఉడికించి వంపితే ఫోలేటులో దాదాపు సగమే మిగిలింది. అదే పాలకూరను నాలుగైదు నిముషాలు ఆవిరి మీద పెడితే చెప్పుకోదగ్గ నష్టమే లేదు. రెండింట్లోనూ వేడి తగిలింది. తేడా నీళ్లదే.

మా ఇంటి లెక్క వేసి చూపిస్తాను. బాగుచేసిన పాలకూర పావు కిలో, తినేవాళ్లం నలుగురం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల పచ్చి పాలకూరలో ఫోలేటు సుమారు 140 మైక్రోగ్రాములు. అంటే పావు కిలోలో 350, మనిషికి 88 దాకా. నీళ్లు వంచేస్తే మనిషికి 44. మామూలు ఆడమనిషికి రోజుకు కావలసింది 220, కడుపుతో ఉన్నప్పుడు 570 అని అదే సంస్థ 2020లో చెప్పింది. ఒక్క పూట ఒక్క కూరలో 44 పోయింది. రోజూ రెండు పూటలా ఇదే పని చేస్తే నెలకెంతో మీరే చూడండి. ఫోను యాప్‌లలో కూరగాయ పేరు కొడితే వచ్చే అంకెలు చాలావరకు పచ్చి కూరగాయవని కూడా గమనించండి. కంచంలో ఉన్నదెంతో మీ చేతివాటం మీద ఉంటుంది, యాప్‌కు తెలియదు.

అట్లని ఆకుకూర వండుకుని మాత్రలు మానేయమని చెప్పడం లేదు. కాన్పు కోసం ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆసిడ్ 500 మైక్రోగ్రాములు ఉంటాయి. కూర ఆ పని చేయలేదు. మా అమ్మాయి మాత్ర వేసుకుంటోంది, కూరా తింటోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. అటువంటి చోట, ఇంట్లోకి తెచ్చుకున్న ఆకులోని సత్తువను సింకుకు తినిపించడం నాకు తప్పుగానే కనిపిస్తోంది.

ఇప్పుడు కుక్కర్ కేసు విచారిద్దాం. మామూలు గిన్నెలో నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరిగి, 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆరోపణ అంతా ఈ ఇరవై డిగ్రీల మీదే. కానీ మూడు సంగతులు కుక్కర్ పక్షాన సాక్ష్యం చెప్తాయి. మొదటిది కాలం. గిన్నెలో పావుగంట ఉడికే బీన్స్ కుక్కర్‌లో రెండు మూడు నిముషాలకే మెత్తబడతాయి. వేడి ఎక్కువైనా అది తగిలే సమయం బాగా తక్కువ. రెండోది గాలి. కుక్కర్ వేడెక్కేటప్పుడు ఆవిరి లోపలి గాలిని చాలావరకు బయటికి తోసేస్తుంది. సి విటమిన్‌కు గాలిలోని ప్రాణవాయువే పెద్ద శత్రువు, అది లోపల తగ్గిపోతుంది. మూడోది నీళ్లు. కుక్కర్‌లో అర గ్లాసు నీళ్లు చాలు, అవి కూరలోనే ఉంటాయి. మూత తీసి గరిటె తిప్పుతూ అరగంట ఉడికించే మట్టికుండ కంటే ఈ మూడింట్లోనూ కుక్కరే మేలు. బ్రోకలీ లాంటి కూరగాయలతో చేసిన పరీక్షల్లో కుక్కర్, ఆవిరి రెండూ నీళ్లలో మరగబెట్టడం కంటే ఎక్కువ సి విటమిన్‌ను నిలిపాయి.

అయినా కుక్కర్‌ను నిర్దోషి అని వదిలేయలేను, దాన్ని వాడే మనలో దోషం ఉంది. నేనే ఏళ్ల తరబడి కందిపప్పు, పాలకూర, టమాటా, పచ్చిమిరపకాయలు అన్నీ ఒకేసారి వేసి నాలుగు విజిళ్లు పెట్టేదాన్ని. పప్పుకు నాలుగు విజిళ్లు కావాలి. పాలకూరకు నాలుగు నిముషాలు కూడా ఎక్కువ. పప్పు ఉడికేదాకా ఆకు ఊరికే మాడినట్టే. పైగా విజిల్ అంటే గడియారం కాదు. మంట పెద్దగా ఉంటే నాలుగు విజిళ్లు అయిదు నిముషాల్లో వస్తాయి, చిన్నగా ఉంటే పావుగంట పడుతుంది. మొదటి విజిల్ వచ్చాక మంట సన్నం చేసి నిముషాలు లెక్కపెట్టడమే పద్ధతి. పదే పదే విజిల్ వేయిస్తే లోపల వేడి పెరగదు, గ్యాసు మాత్రం ఖర్చవుతుంది.

ఇప్పుడు నేను చేసేది ఇట్లా. కందిపప్పును కడిగి పసుపు, చెంచా నూనె వేసి ఒంటరిగా కుక్కర్‌లో ఉడికిస్తాను. ఒత్తిడి దిగి మూత వచ్చాక, అప్పుడే కడిగి పెద్ద ముక్కలుగా తుంచిన పాలకూర, టమాటా, మిరపకాయలు ఆ వేడి పప్పులోనే వేసి, మామూలు మూత పెట్టి సన్నటి మంట మీద నాలుగైదు నిముషాలు ఉంచుతాను. ఆకు వాడి పప్పులో కలిసిపోతుంది. చివర్లో చింతపండు రసం, తర్వాత తాళింపు. తరిగాక కడగను, కడిగాకే తరుగుతాను. తరిగిన ముక్కల అంచుల్లోంచే సత్తువ నీళ్లలోకి జారుతుంది. పొద్దున తరిగి సాయంత్రం దాకా ఉంచినా ఆకులోని రసాయనాలే గాలితో కలిసి సి విటమిన్‌ను తినేస్తాయి.

రంగు సంగతి కూడా చెప్పాలి, మనం మోసపోయేది అక్కడే. చింతపండు, టమాటా వేస్తే ఆకు పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. చూసి సత్తువ పోయిందనుకుంటాం. నిజానికి పులుపు సి విటమిన్‌కు కాపలా కాస్తుంది. అదే చిటికెడు వంటసోడా వేస్తే ఆకు చిలకపచ్చగా నిగనిగలాడుతుంది, బఠాణీ కూడా మెరుస్తుంది. ఆ సోడాకే సి విటమిన్, బి1 త్వరగా నాశనమవుతాయి. చూపుకు బతికినట్టు ఉన్నది లోపల చచ్చింది, చూపుకు చచ్చినట్టు ఉన్నది బతికే ఉంది. పెళ్లి వంటల్లో కూర అంత పచ్చగా ఎట్లా ఉందో అని ఆశ్చర్యపడి ఇంట్లో సోడా వేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు ఆ డబ్బా ఇడ్లీ పిండి దగ్గరకు కూడా రానివ్వను.

పెద్నాయన "పాతకాలం వంట" అని పదే పదే అన్నాడు కదా, ఆ పాతకాలమేమిటో చూద్దాం. మన సీమలో పప్పాకు ఎట్లా చేసేవాళ్లు? పప్పు, ఆకు ఉడికాక నీళ్లు వేరే గిన్నెలోకి వంచి, మిగిలినదాన్ని రాచిప్పలో పప్పుగుత్తితో ఎనిపి, వంచిన కట్టును మళ్లీ అందులోనే పోసేవాళ్లు. నీళ్లుంటే గుత్తికి పప్పు అందదని వంచారు, పారబోయడానికి కాదు. హిందూపురం, మడకశిర వైపు పోతే బస్సారు ఉంది. ఆకును, పప్పును లేక అలసందలను ఉడికించి నీళ్లు వడగడతారు. ఆకు, పప్పు తాళింపు పల్యం అవుతాయి, వడగట్టిన నీళ్లు చింతపండు, కొబ్బరి, వెల్లుల్లి, మిరపకాయల ముద్దతో సారు అవుతాయి. ఒకే కుండ నుంచి సంగటికి రెండు వంటలు. కన్నడ నాట పుట్టిన పేరు, మన సరిహద్దు ఊళ్లలో సొంత వంట. నీళ్లలోకి దిగిన ఫోలేటు మళ్లీ కంచంలోకే వస్తుంది. వాళ్లకు విటమిన్ పేరు తెలియదు, నీళ్లు పారబోయకూడదని మాత్రం తెలుసు. పాతకాలాన్ని మట్టికుండలో వెతికితే దొరకదు, ఈ వంపుడు నీళ్లలో దొరుకుతుంది.

వేపుడు గురించి రెండు మాటలు. వేపుడంటే సత్తువంతా పోతుందన్నది కూడా సగమే నిజం. వేపుడులో నీళ్లు లేవు కాబట్టి ఫోలేటు, సి విటమిన్ దిగి పోయే చోటు లేదు. దొండకాయ, బెండకాయ కొంచెం నూనెలో మూత పెట్టి మగ్గించి, చివర్లో మూత తీసి రెండు నిముషాలు వేయిస్తే నష్టం తక్కువే. కాకరకాయను చిప్సు లాగా సన్నగా చీల్చి కరకరలాడేదాకా ముప్పావుగంట మూత లేకుండా మాడిస్తే గాలీ వేడీ కలిసి సి విటమిన్‌ను దాదాపు తుడిచేస్తాయి. నూనెలో ముంచి వేయించినప్పుడు ఇంకో నష్టం. కెరోటిన్ నూనె జాతిది కదా, అది నూనెలోకి దిగుతుంది, ఆ నూనె మూకుడులోనే మిగిలిపోతుంది. మరి నూనె లేకుండా ఉడికించుకుంటే మంచిదా? అదీ కాదు. కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కూడా కొంచెం నూనె కావాలి. పచ్చి క్యారెట్టు కంటే కొంచెం నూనెలో ఉడికిన క్యారెట్టు నుంచే మన ఒంటికి కెరోటిన్ ఎక్కువ అందుతుంది. అందుకే ఒళ్లు తగ్గాలని తాళింపు మానేసి క్యాబేజీ, క్యారెట్టు ఉత్త నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంచి తినే మా పక్కింటి అమ్మాయిని చూస్తే జాలేస్తుంది. నీటి జాతి సింకులో పోయింది, నూనె జాతి ఒంటికి పట్టకుండా పోయింది. శిక్ష మాత్రం అమ్మాయికి పడింది.

నీళ్లు వంచడం న్యాయమైన చోటు ఒకటుంది, అది దాచిపెడితే నేనూ ఫోను డాక్టరులాంటిదాన్నే అవుతాను. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. కొందరికి కిడ్నీలో రాళ్లు పడడానికి ఇవి తోడ్పడతాయి. ఇవి కూడా నీళ్లలోకే దిగుతాయి. రాళ్లున్నవాళ్లకు డాక్టరు చెప్తే పాలకూరను ఎక్కువ నీళ్లలో ఉడికించి వంచడమే మంచిది. ఆ ఇంట్లో ఫోలేటు కోసం మెంతికూర, పప్పుల మీద ఆధారపడొచ్చు, వాళ్లు బస్సారు నీళ్లు తాగకపోవడమూ మేలు. ఒకరికి మంచిది ఇంకొకరికి చెడ్డది కావచ్చు. అందుకే ఒకే మెసేజీతో ఊరందరి వంటింటినీ సరిదిద్దే పెద్దమనుషులంటే నాకు భయం.

ఇంకో హద్దు కూడా ఉంది. ఎంత జాగ్రత్తగా వండినా సి విటమిన్ కొంత పోతుంది. పొద్దున వండిన కూరను మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి వేడి చేస్తే ఇంకా పోతుంది. దానికి మందు పాత్ర మార్చడం కాదు, దించాక పప్పులో అర చెక్క నిమ్మకాయ పిండుకోవడం. వండని నిమ్మరసంలోని సి విటమిన్ ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా సాయం చేస్తుంది. కానీ భోజనం కాగానే టీ తాగితే ఆ సాయమంతా వృథా, టీ ఇనుమును పట్టనివ్వదు. మా ఇంట్లో ఇప్పుడు అన్నం తిన్నాక గంటకు గానీ మా అమ్మాయికి టీ ఇవ్వడం లేదు. పెద్నాయనకు మాత్రం అడిగిన వెంటనే ఇచ్చాను.

చివరికి అసలు కోపం చెప్తాను. కుక్కర్ విషమని చెప్పే మెసేజీలు నాకు చాలా వచ్చాయి. అన్నీ మగవాళ్ల దగ్గర నుంచే. ఒక్కరు కూడా మట్టికుండ తోమిన పాపాన పోలేదు. మట్టికుండలో కందిపప్పు ఉడకాలంటే గంట పైమాటే. పొద్దున్నే పిల్లోడి బడి క్యారియర్, అమ్మాయి పథ్యం, మామకు సంగటి, మధ్యలో పాలు, నీళ్లు. ఆ గంట ఎవరి ఒంట్లోంచి వస్తుంది? నష్టమే లేని చోట నష్టం చూపించి, దాన్ని పూడ్చే పని ఆడదాని నెత్తిన పెట్టడమే ఈ మెసేజీల పని. నిజంగా నష్టం జరిగే చోటు, అంటే ఆ నీళ్లను ఆపడానికి అదనంగా ఒక్క నిముషం కూడా అక్కర్లేదు. వంచకుండా ఉంటే చాలు.

పెద్నాయన ఊరికి బయలుదేరే ముందు పప్పాకు తిన్నాడు. "ఎట్లుంది పెద్నాయనా?" అన్నాను. "బాగుంది పాపా, మట్టికుండలో చేసినావా?" అన్నాడు. మా అత్తమ్మ నాకంటే ముందే చెప్పింది.

"కుక్కర్‌లోనే అన్నా. నీళ్లు మాత్రం పారబోయలేదు."